కీమో అయిన మూడో రోజు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక నాకు మొదట మూడు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు రాశారు. అందులో రెండు మందులుంటాయి, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. మొదటిదాన్ని వార్డులో అందరూ ఎర్రమందు అనే అంటారు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తమేమో అని భయపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. ఈ రెండూ కలిపి ఎక్కిస్తే వాంతులు గట్టిగా అవుతాయని కూడా చెప్పింది. అయినా మొదటిసారి హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా బస్సులో ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాను. రాత్రి పెరుగన్నం తిన్నాను. ఇంతేనా కీమో అంటే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున మొదలైంది. మంచినీళ్లు తాగినా నిలవలేదు. వాంతి కన్నా వికారం ఎక్కువ బాధపెట్టింది, వాంతయ్యాక కూడా అది తగ్గేది కాదు. వాంతులు ఆపడానికి ఇంటికిచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రలు టైముకి వేసుకుంటూనే ఉన్నాను. వాటితో వికారం తగ్గలేదు సరికదా, మలబద్ధకం పట్టుకుంది. ఆ మాత్రకు అది మామూలే. అయితే కడుపు బిగిస్తే దానివల్ల కూడా వికారం పెరుగుతుందని నాకు తర్వాత తెలిసింది.

రెండో కీమోకి పోయినప్పుడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "వాంతులు ఏ రోజు మొదలైనయమ్మా?" మూడో రోజని చెప్పాను. "మొదటి రోజు వాంతి వేరు, మూడో రోజు వాంతి వేరు" అని కూర్చోబెట్టి చెప్పింది. మందు ఎక్కిన రోజు పేగుల్లోంచి సెరొటోనిన్ అనే పదార్థం విడుదలై, నరాల ద్వారా మెదడుకు కబురు పోతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్, పాలోనోసెట్రాన్ ఆ దారిని మూస్తాయి. రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల దాకా వచ్చే వాంతులు ఎక్కువగా మెదడులో వేరే దారిన వస్తాయి. దానికి అప్రెపిటాంట్ అనే క్యాప్సూల్ ఉంది. అందుకే నేను ఎన్ని ఆన్‌డాన్‌సెట్రాన్‌లు మింగినా మూడో రోజు గట్టెక్కలేదు.

ఈసారి చీటీ మారింది. కీమోకి గంట ముందు అప్రెపిటాంట్ 125 మిల్లీగ్రాములు, తర్వాతి రెండు రోజులు పొద్దున 80. సెలైన్‌తో పాటు పాలోనోసెట్రాన్ ఇంజెక్షన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. వీటికి తోడు నాలుగు రాత్రులు ఓలాంజపిన్. మా ఆయన మెడికల్ షాపులో అడిగితే ఓలాంజపిన్ మానసిక జబ్బులకిచ్చే మందని చెప్పారట. బయటికొచ్చి నా చెవిలో "గిది పిచ్చిదానికిచ్చే గోలి అంటున్నడు గదా" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, అవును, దానికీ ఇస్తాం, ఇంత తక్కువ మోతాదులో కీమో వికారానికీ బాగా పనిచేస్తుంది అంది. ముంబై టాటా మెమోరియల్‌లో జరిపిన పరీక్షలో 2.5 మిల్లీగ్రాములు కూడా 10 మిల్లీగ్రాములంత పనిచేసిందనీ, పగటి మత్తు తగ్గిందనీ చెప్పి నాకు 2.5 రాసింది. అప్రెపిటాంట్ ఖరీదైన మందు. ఓలాంజపిన్ మాత్రం చాలా చవక. వికారం వదలని వాళ్లు డాక్టర్ని దీని గురించి అడగడంలో తప్పు లేదు.

ఆమె గట్టిగా చెప్పింది ఒకటే: ఈ మందులు వాంతి అయ్యాక వేసుకునేవి కావు, రాకముందే వేసుకునేవి. బాగానే ఉన్నాను కదా అని రెండో రోజు క్యాప్సూల్ ఆపొద్దు. డెక్సామెథసోన్ మాత్రలు ఇస్తే పొద్దున, తిన్నాకే వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా నిద్రుండదు. షుగరున్న వాళ్లకు డెక్సాతో షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి. మలబద్ధకానికి విరేచనం సాఫీగా అయ్యే సిరప్ కూడా మొదటి రోజు నుంచే రాశారు. మందులన్నీ ఎవరికి వాళ్ల కీమోని బట్టి, ఒంటిని బట్టి మారతాయి, నా చీటీ చూసి ఇంకొకరు కొనుక్కోవద్దు.

ఆ రెండో కీమోకి ఒక్కసారి వాంతయ్యింది. వికారం మాత్రం ఉంది, కానీ తిండి తినగలిగేంతగానే.

తిండి సంగతికొస్తే, మా ఇంట్లో పోపు పెద్ద శత్రువయ్యింది. నూనెలో ఎల్లిపాయ చిటపటలాడగానే కడుపులో తిప్పేది. మా తోటికోడలు వంటని బయటి వరండాలోకి మార్చి, నేను పక్కింట్లో కూర్చున్నాకే పోపు పెట్టేది. వేడన్నం కన్నా చల్లారిన తిండికి వాసన తక్కువ, అందుకే సల్ల గట్క నాకు బాగా దిగింది. జొన్నరవ్వ మెత్తగా ఉడికించి, చల్లారాక పల్చటి చల్ల, ఉప్పు కలిపి చిన్న గ్లాసులో ఇచ్చేది. పెద్ద గిన్నె చూస్తేనే నాకు వికారం. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు, అంతే. ఖాళీ కడుపు కూడా వికారాన్ని పెంచుతుంది కాబట్టి పొద్దున లేవగానే మంచం దిగకముందే కొన్ని మురుమురాలో, ఉప్పు బిస్కెట్టో నమిలేదాన్ని. నీళ్లు భోజనంతో కాకుండా, మధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగాను.

"అక్కా, నీకిష్టమని కోడికూర చేసిన, జర తిను" అందామె, కీమోకి పోయొచ్చిన రాత్రి. ఆ రోజు వద్దన్నాను. కీమో రోజు తిన్నదాని మీద వాంతయితే, మనసు ఆ కూరకే కోపగించుకుంటుంది, నెలల తరబడి దాని వాసనే పడదు. ఇష్టమైనవి వారం ఆగి తినడం మంచిది. బత్తాయి మా దగ్గర కొదవ లేదు. నోట్లో పుండ్లు లేని రోజుల్లో ఇంట్లోనే ఒలుచుకుని తిన్నాను, పుండ్లు పడ్డాక పులుపు ముట్టలేదు. బండి మీద జ్యూస్ మాత్రం తెల్లరక్తకణాలు పడిపోయే ఆ రోజుల్లో అస్సలు వద్దన్నారు. అల్లం ముక్క నమిలితే కాస్త హాయిగా ఉండేది, అయితే అది మందులకు బదులు కాదు.

మూడో కీమోకి కొత్త చిక్కు వచ్చింది. చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేట్ కనబడగానే, మందు ఎక్కకముందే ఓకారం మొదలైంది. ఇది నాటకం కాదు, మొదటిసారి పడ్డ బాధను శరీరం గుర్తుపెట్టుకోవడం. ఒకసారి అలవాటైతే దీన్ని వాంతి మందులు అంతగా ఆపలేవట. అందుకే మొదటి కీమో నుంచే వాంతుల్ని గట్టిగా అదుపులో పెట్టడం ముఖ్యం. నాకు ముందు రాత్రి, ఆ పొద్దున వేసుకోవడానికి ఆందోళన తగ్గించే లోరాజెపామ్ చిన్న మోతాదు రాశారు. కిటికీ పక్క సీట్లో కళ్లు మూసుకుని, టోల్‌గేట్ పోయేదాకా మా ఆయన ఫోన్‌లో పెట్టిన ఒగ్గుకథ విన్నాను.

ఇంట్లో గోడకి ఒక కాగితం అంటించాం. మాత్ర మింగిన అరగంటలోపే వాంతయితే మళ్లీ వేసుకోవాలా అని ఫోన్ చేసి అడగాలి. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గి ముదురు రంగుకు మారితే, నిలబడితే కళ్లు తిరిగితే, వాంతిలో రక్తం కనబడితే ఆస్పత్రికి పోవాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆగొద్దు. నాలుగు కీమోలయ్యాక వేరే కీమో మందు పాక్లిటాక్సెల్‌కి మార్చారు. దానికి వాంతులు చాలా తక్కువ, అప్రెపిటాంట్ ఆపేశారు, పోపు మళ్లీ వంటింట్లోకి వచ్చింది. కాగితంలో జ్వరం మాట మాత్రం అలాగే ఉంచాం.