బ్యాంకాక్‌లో డెంగీ: క్యూ యాప్ తెరలో చూడాల్సినవి

బ్యాంకాక్‌లో పనిచేస్తూ ఉండగా నాకు డెంగీ వచ్చింది. ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్ అని తేలింది, ప్లేట్‌లెట్లు అప్పటికి లక్షా నలభై వేలు. ఆసుపత్రిలో చేర్చుకోలేదు. ఇంట్లో ఉండి రోజూ వచ్చి రక్తపరీక్ష చేయించుకోమన్నారు. డెంగీలో ఇది మామూలే. మందు అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. జ్వరానికి పారాసెటమాల్, తాగడానికి ఓఆర్‌ఎస్, ఆపైన రక్తంలో వచ్చే మార్పును గమనించడం, అంతే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి మాత్రం పోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. దీంతో ఆ జబ్బు రోజులన్నీ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో, ఫోన్‌లోని క్యూ తెర చూసుకుంటూ గడిచాయి. ఆ తెర చదవడం వస్తే ఒంట్లో ఓపిక మిగులుతుంది. నీరసంలో అదే పెద్ద విషయం.

తెర పైభాగంలో HN ఉంటుంది. అది ఆసుపత్రి మీకిచ్చే శాశ్వత నంబరు, ఎన్నేళ్లయినా మారదు. దాని పక్కనో కిందో VN ఉంటే అది ఆ రోజు రాకకు మాత్రమే. కౌంటర్ దగ్గర ఎవరైనా నంబరు అడిగితే ఎక్కువగా HN అడుగుతున్నారని అర్థం. పేరు మీద వెతికిస్తే మనవాళ్లకు చిక్కే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి. థాయ్‌లు పిలిచేది అసలు పేరుతో, ముందు ఖున్ అని చేర్చి. ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా నమోదైతే యాప్‌లో ఖాతా HNతో కలవదు, నర్సు పిలిచినా మనకు తెలియదు. మొదటిసారి నమోదయ్యేటప్పుడే పాస్‌పోర్ట్ తెరిచి గడి గడీ సరిచూసుకోవాలి. తేదీలు బౌద్ధ సంవత్సరంలో ఉంటాయి. 2568 అని కనబడితే 543 తీసేసుకోండి, 2025 అవుతుంది. పుట్టిన సంవత్సరం కూడా అలాగే చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

దాని కింద పెద్ద అక్షరాల్లో నంబరు, దానితోపాటు విభాగం. నా తెర ఒక ఉదయం ఇలా ఉంది:

```
หมายเลขคิว   M047
แผนก         อายุรกรรม
ห้องตรวจ      5
รออีก         18 คิว
ประมาณ       48 นาที
```

మొదటి వరుస క్యూ నంబరు. రెండోది విభాగం, ఇక్కడ జనరల్ మెడిసిన్. మూడోది డాక్టర్ గది. నాలుగోది మన ముందు ఉన్నవాళ్లు, అయిదోది సుమారుగా ఎన్ని నిమిషాలు. యాప్‌ను బట్టి మాటలు కొంచెం మారతాయి గానీ แผนก, คิว, นาที అనే మూడింటినీ గుర్తుపట్టగలిగితే చాలావరకు పని జరిగిపోతుంది.

ఆ 48 నిమిషాలు ఎలా వచ్చాయో చూస్తే దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఆ రోజు ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. ఒక్కో రోగికి సగటున 8 నిమిషాలు అనుకుంటే, 18 మందికి 144 నిమిషాలు, మూడు గదులకు పంచితే 48. లెక్క తప్పు కాదు, కానీ అది లెక్కలోకి తీసుకోని వాళ్లు ఉంటారు. పొద్దున డాక్టర్‌ను చూసి రక్తపరీక్షకు వెళ్లి, రిపోర్టుతో తిరిగి వచ్చినవాళ్లకు కొత్త నంబరు ఇవ్వరు. నర్సు వాళ్లను మధ్యమధ్యలో లోపలికి పంపుతుంది. ఇద్దరు కొత్తవాళ్లకు ఒక పాతవాడు చొప్పున వెళ్తే 18 మంది నిజానికి 27 మంది. అప్పుడు 72 నిమిషాలు. ఇద్దరు డాక్టర్లే మిగిలితే, అంటే ఒకరు వార్డు నుంచి పిలుపొచ్చి వెళ్తే, తిరిగొచ్చేవాళ్లు లేకపోయినా 72కే చేరుతుంది. రెండూ కలిస్తే 108. పది దాటాక ఈ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. అందుకే నేను తెరపై చూపే సమయానికి రెట్టింపు అనుకుని నీళ్లు, బిస్కెట్లు పెట్టుకునేవాడిని. అయితే దగ్గర్లోనే కూర్చునేవాడిని, ఎందుకంటే నలుగురైదుగురు పిలిచినా రాకపోతే నంబరు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది కూడా.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. ఆ సమయం డాక్టర్ గది తలుపు వరకే. ఇంటికెళ్లే వరకు కాదు. రక్తం ఇవ్వడానికి เจาะเลือด దగ్గర వేరే క్యూ, డబ్బు కట్టడానికి การเงิน దగ్గర ఇంకోటి, మందులకు รับยา దగ్గర మరోటి. ఒక్కొక్కదానికి తెర కొత్తగా మొదలవుతుంది.

డెంగీ రోగికి ఈ గొలుసులో బాగా లాభించే కిటుకు ఒకటుంది. రోజూ రమ్మన్నప్పుడు అపాయింట్‌మెంట్ చీటీలో เจาะเลือดก่อนพบแพทย์ అని రాయించుకోవాలి. డాక్టర్‌ను కలిసే ముందే రక్తం తీయాలని దానర్థం. అది లేకపోతే డాక్టర్ కోసం ఒకసారి, రిపోర్టు చూపించడానికి ఇంకోసారి కూర్చోవాలి. అది ఉంటే ముందు డాక్టర్ విభాగంలో చెక్-ఇన్ చేసి నంబరు తీసుకుని, వెంటనే రక్తం ఇవ్వడానికి వెళ్లొచ్చు. బ్లడ్ కౌంట్ రిపోర్టుకు మా ఆసుపత్రిలో గంట దాకా పట్టేది, ఆ గంటా డాక్టర్ క్యూ దానిపాటికది కదులుతూ ఉండేది. వరుస తిప్పి ముందు రక్తం ఇచ్చి తర్వాత చెక్-ఇన్ చేస్తే ఆ గంట వృథా.

నంబరు అసలు కదలకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం బీపీ, బరువు చూపించకపోవడం. యాప్‌లో చెక్-ఇన్ అయిపోయినా, నర్సు టేబుల్ దగ్గర మిషన్‌లో బీపీ చూసుకుని ఆ చీటీ ఇవ్వనిదే మన పేరు డాక్టర్ గది జాబితాలోకి ఎక్కదు. తెరలో నంబరు కనబడుతూనే ఉంటుంది, వెనకవాళ్లు వెళ్లిపోతుంటారు. మన ముందువాళ్ల సంఖ్య అరగంటైనా అలాగే ఉండి, గోడ మీది తెరలో మాత్రం నంబర్లు మారుతుంటే ఇదే జరిగిందని గ్రహించి టేబుల్ దగ్గరకు వెళ్లాలి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే నోటిఫికేషన్ ఆలస్యంగా వస్తుంది, గోడ తెరే అసలుది. స్పీకర్‌లో పిలుపు థాయ్‌లోనే. సున్నా నుంచి తొమ్మిది దాకా సూన్, నుంగ్, సోంగ్, సామ్, సీ, హా, హోక్, చెట్, పేట్, కావ్ అని నేర్చుకుంటే మీ నంబరు చెవిన పడుతుంది. దాటిపోతే మళ్లీ మొదటికి పంపరు, నర్సుకు చూపిస్తే తర్వాతి ఒకరిద్దరి వెనక పంపుతారు.

తెరకు బొత్తిగా తెలియనిది మన ఒంటి పరిస్థితి. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, తగ్గినప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతుండగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారుతుంది, రక్తం చిక్కబడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతూ హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరగడం దాని గుర్తు. నాకు ప్లేట్‌లెట్లు 72 వేలకు దిగిన రోజు హిమటోక్రిట్ 42 నుంచి 47కు ఎక్కింది, జ్వరం మాత్రం లేదు. జ్వరం పోయింది కదా, ఇక వెళ్లనక్కర్లేదు అనుకునే రోజు అదే. 20 శాతం పెరిగితే ప్లాస్మా గణనీయంగా కారుతోందని లెక్క, నాది దాదాపు 12 శాతం. అందుకే సెలైన్ అవసరం లేదని, ఇంకా ఎక్కువ తాగమని చెప్పి పంపారు. కడుపులో ఆగని నొప్పి, వరుసగా వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కూర్చుంటే కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడి చెమటలు, మూత్రం బాగా తగ్గడం. వీటిలో ఏదున్నా నంబరు కోసం చూడకూడదు. నర్సు దగ్గరకు వెళ్లి పువాత్ తోంగ్ మాక్ (కడుపు నొప్పి బాగా ఉంది) అనో, వియన్ హువా (కళ్లు తిరుగుతున్నాయి) అనో చెబితే అక్కడే బీపీ చూసి నంబరు పక్కనబెట్టి లోపలికి తీసుకెళ్తారు. ఇంట్లో ఉండగా అయితే 1669కు ఫోన్ చేయాలి.

డాక్టర్ చూశాక తెరలో డబ్బు కట్టే పేజీ వస్తుంది, అందరూ తికమకపడేది ఇక్కడే. గది నుంచి బయటికి రాగానే క్యాషియర్ దగ్గరకు పరుగెత్తితే పని కాదు. ముందు మందుల ధర ఫార్మసీ వాళ్లు లెక్కవేయాలి. అప్పటిదాకా కట్టాల్సిన మొత్తం ఖాళీగానే ఉంటుంది. ยอดชำระ పక్కన అంకె పడ్డాక ช่อง అన్న చోట చూపిన కౌంటర్‌కు వెళ్లాలి. ช่อง 4-6 అని ఉంటే ఆ మూడింటిలో ఏదైనా ఒకటి. థాయ్ బ్యాంకు యాప్ ఉంటే తెరలోని ప్రాంప్ట్‌పే క్యూఆర్ స్కాన్ చేసి కూర్చున్న చోటే కట్టొచ్చు. ఆ కోడ్ ఆ బిల్లుకే పనికొస్తుంది. డాక్టర్ మధ్యలో మందు మార్చినా, సర్టిఫికెట్ చేర్చినా మొత్తం మారుతుంది, కాబట్టి ముందు తీసిన స్క్రీన్‌షాట్‌తో కట్టకూడదు.

కట్టే ముందు สิทธิ అన్న వరుస చూడండి. చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారన్నది అక్కడే ఉంటుంది. ประกันสังคม అంటే సోషల్ సెక్యూరిటీ, ชำระเงินเอง అంటే సొంత డబ్బు. వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేసేవాళ్లు జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కడుతుంటారు. గడచిన 15 నెలల్లో కనీసం 3 నెలలు కట్టి ఉంటే, తాము నమోదైన ఆసుపత్రిలో చికిత్స దొరుకుతుంది. ఆ ఆసుపత్రిలోనే ఉన్నా తెరలో సొంత డబ్బు అని కనబడితే కట్టేయకుండా హక్కులు సరిచూసే కౌంటర్‌లో అడగాలి. కట్టాక వెనక్కి తీసుకోవడం పెద్ద తతంగం. మొత్తం సున్నా అని వచ్చినా క్యాషియర్ దగ్గర ఒకసారి ఆమోదం వేయించుకోవాలి, లేకపోతే మందుల నంబరు పిలవరు. సాయంత్రం నడిచే స్పెషల్ క్లినిక్‌కు అదనపు ఫీజు ఉంటుంది, దానికి సోషల్ సెక్యూరిటీ వర్తించదు.

మెడికల్ సర్టిఫికెట్, ใบรับรองแพทย์, కావాలంటే డాక్టర్ గదిలోనే అడగాలి. డబ్బు కట్టాక ఆ రోజు రాక మూసుకుపోతుంది, తర్వాత అడిగితే మళ్లీ క్యూ. థాయ్ కార్మిక చట్టం ప్రకారం మూడు రోజులు, అంతకు మించి సెలవైతే యజమాని సర్టిఫికెట్ అడగొచ్చు. జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఏడాదికి 30 పనిదినాలు. ఇంటి దగ్గరి బీమాకు క్లెయిమ్ పెట్టాలంటే ఇంగ్లిష్ ప్రతి, జబ్బు పేరు, HN ఉన్న రసీదు మూడూ తీసుకోండి.

నా విషయంలో ప్లేట్‌లెట్లు 72 వేల దగ్గర ఆగకుండా 48 వేలకు దిగి, మళ్లీ పైకెక్కాయి. హిమటోక్రిట్ పడిపోతూ ప్లేట్‌లెట్లు పెరగడం మొదలైతే మలుపు తిరిగినట్టే. కోలుకుంటున్నప్పుడు అరచేతులు, అరికాళ్లు భరించలేనంత దురద పెట్టాయి, ఒంటిమీద ఎర్ర దద్దుర్ల మధ్య తెల్లటి చుక్కలు తేలాయి. అవి కోలుకోవడంలో భాగమే. నీరసం మాత్రం వారాల తరబడి పోలేదు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

డెంగీలో నాలుగు రకాల వైరస్‌లున్నాయి. ఒక రకం సోకితే ఆ రకానికి మాత్రమే జీవితాంతం రక్షణ, వేరే రకం రెండోసారి సోకితే జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మళ్లీ జ్వరం వస్తే అదే ఆసుపత్రికి అదే HN చెప్పి వెళ్లండి, నర్సు వివరాలు అడిగేటప్పుడు เคยเป็นไข้เลือดออก అని రాసి చూపించండి. ఇదివరకు డెంగీ వచ్చిందని దానర్థం.