పది నిమిషాలకు ఒక్క మాట

సోమవారం నా పది నిమిషాల సెమినార్. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. మొదట రాసుకున్న వాక్యం: ‘ఇది మనోవైజ్ఞానిక నవల.’ మా సార్ చూసి, ‘కాదనేవాళ్లు ఎవరు అబ్బయా? ఎవరూ కాదనని దానికి వాదన ఎందుకు?’ అన్నారు. బస్సులో కావలి నుంచి నెల్లూరు వచ్చేదాకా అదే మాట చెవిలో మోగింది.

రాత్రికి వాక్యం కథానాయకుడి మీదికి మారింది: ‘సీతారామారావు పుట్టుకతో అసమర్థుడు కాదు, తండ్రి అప్పగించిపోయిన వంశప్రతిష్ఠే అతన్ని అలా చేసింది.’ దీన్ని కాదనొచ్చు. నవల పేరే నాకు అడ్డం కదా!

ఫోన్‌లో టైమర్ పెట్టి చదివితే పద్నాలుగు నిమిషాలు. అందులో నాలుగు రచయిత జీవితానికే పోయాయి, రెండు కథ చెప్పడానికి. రచయిత జీవితం మొత్తం కొట్టేశాను (కాస్త బాధేసింది, చాలా కష్టపడి రాసుకున్నా). కథ మూడు వాక్యాలకు కుదించా. మిగిలిన టైమంతా రెండు ఘట్టాలకే: తండ్రి చివరి ఘడియల్లో చెప్పిన మాటలు, ఆ పేరు నిలబెట్టాలని ఆస్తి చేజార్చుకోవడం.

ఏడో నిమిషంలో ఎదురు ప్రశ్న నేనే వేసుకుంటా: మరి ఆస్తి పోయాక భార్య ఇందిరను బాధపెట్టింది కూడా తండ్రి మాటేనా? దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. తండ్రి మాట అతని పతనానికి మొదలేగానీ, అతని క్రూరత్వానికి సాకు కాదని ఒప్పుకుంటా. అందుకే పై వాక్యంలో ‘ప్రతిష్ఠే’ని ‘ప్రతిష్ఠ ముందుగా’ అని దిద్దాను.

ఇప్పుడు తొమ్మిదిన్నర నిమిషాలు. శ్మశానం ఘట్టం ఎక్కడా ఇమడలేదు.