10.4 క్వింటాళ్లంటే 10 క్వింటాళ్ల 4 కిలోలు కాదు: దేవరకొండ దుకాణంలో బియ్యం తూకం

దేవరకొండలో నేను లెక్కలు రాసే కిరాణా దుకాణానికి మిర్యాలగూడ మిల్లు నుంచి డీసీఎంలో సన్నబియ్యం వచ్చాయి. 26 కిలోల బస్తాలు 40. బిల్లులో బరువు 10.4 క్వింటాళ్లు, ధర క్వింటాకు 5,200, మొత్తం 54,080 రూపాయలు. జీఎస్టీ లేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే లేబుల్ బస్తాలకు 5 శాతం పన్ను పడింది కాబట్టి మిల్లులు 26 కిలోల బస్తా వైపు మళ్లాయి. తూకంలో తికమకకు ఈ 26 కూడా కొంత కారణమే. 25 అయితే నాలుగు బస్తాలు సరిగ్గా ఒక క్వింటా, నోటి లెక్కలోనే తేలిపోతుంది.

హమాలీలు 300 కిలోల కాంటా మీద ఐదేసి బస్తాలు పెట్టి ఎనిమిది సార్లు తూచారు. ఒక్కో తూకం 130.3 నుంచి 130.5 దాకా వచ్చింది. అన్నీ కలిపితే 1043.2 కిలోలు. సేటు బిల్లు చూసి ఆగిపోయారు.

"10 క్వింటాళ్ల 4 కిలోలని రాసిండ్రు. అంటే 1004. మనకు 39 కిలోలు ఎక్కువ వచ్చినయి. పైసలు చూస్తే మళ్ల ఎక్కువేసిండ్రు. 1004 కిలోలకు 52,208 కావాలె గదా!"

సరుకు ఎక్కువ వచ్చింది, డబ్బు కూడా ఎక్కువ వేశారు. ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే ముందు కాంటాను కాదు, బిల్లు మీది అంకెను అనుమానించాలి. నేను డబ్బు వైపు నుంచి మొదలుపెట్టాను. 54,080ని 5,200తో భాగిస్తే 10.4 వస్తుంది. అంటే చుక్క తర్వాతి 4 క్వింటాలో పదింట నాలుగు వంతులు, 40 కిలోలు. 4 కిలోలైతే బిల్లులో 10.04 అని ఉండాలి. సేటు ఎక్కువేశారన్న 1,872 రూపాయలు సరిగ్గా 36 కిలోల ధర. 40కి, 4కి తేడా కూడా అదే 36.

బస్తాల లెక్క కూడా ఇదే చెబుతుంది. 40 బస్తాలను 26తో గుణిస్తే 1040. నిజంగా సరుకు ఎక్కువ దించి ఉంటే తేడా 26 గానీ, 52 గానీ ఉండాలి. 36 అంటే ఒక బస్తా మీద 10 కిలోలు. కుట్టు విప్పని బస్తాల్లో అట్లా రావడం కుదరదు.

సేటు అట్లా చదవడానికి అలవాటే కారణం. ఆయన చేతి పుస్తకంలో క్వింటాళ్లు, కిలోలు మధ్యన గీత పెట్టి రాస్తారు: 10-40. గీతకు అటు క్వింటాళ్లు, ఇటు కిలోలు. ఆ పద్ధతిలో 10-4 అంటే నిజంగానే 10 క్వింటాళ్ల 4 కిలోలు. మిల్లు కంప్యూటర్ చివరి సున్నా వదిలేసి 10.4 అని ముద్రించింది. ఆయన కంటికి చుక్క కూడా గీత లాగే కనిపించింది. 10.40 అని పడి ఉంటే ఈ పేచీ వచ్చేదే కాదు.

ఇక మిగిలింది 3.2 కిలోలు. అది ఖాళీ సంచుల బరువు. ఇదివరకు ఖాళీ అయిన అవే రకం ప్లాస్టిక్ సంచులు పది కలిపి తూచాం, 800 గ్రాములు వచ్చాయి. 40 సంచులకు 3.2 కిలోలు. ఈ తూకం కౌంటర్ మీది చిన్న కాంటా మీదే వేయాలి. 300 కిలోల కాంటా కిలో లోపు బరువును నమ్మకంగా చూపదు. గోనె సంచులైతే ఒక్కోటే అర కిలో దాటుతుంది కాబట్టి ఈ తీసివేత ఇంకా పెద్దదవుతుంది.

సేటు ఒప్పుకొని డ్రైవర్ కాగితం మీద 1040 కిలోలు అని అక్షరాల్లో కూడా రాయించి సంతకం చేశారు.

స్టాక్ ఎక్కించేటప్పుడు ఇదే తప్పు ఇంకోలా వస్తుంది. దుకాణం కంప్యూటర్‌లో బియ్యం కొలత కిలో. బిల్లు చూసి కుర్రాడు 10.4 కొట్టాడు. అట్లాగే వదిలేస్తే స్టాక్ 10.4 కిలోలుగా, కిలో కొనుగోలు ధర 5,200గా నిలుస్తుంది. మొదటి బస్తా అమ్మగానే స్టాక్ మైనస్ 15.6 చూపిస్తుంది. మైనస్ కనిపించగానే చాలామంది సరుకు ఎక్కించలేదనుకొని అదే బిల్లును రెండోసారి కొడతారు, అప్పుడు మిల్లు బాకీ కూడా రెట్టింపవుతుంది. నేను ఎంట్రీని 1040 కిలోలు, ధర 52 అని దిద్దించి, కొలతల్లో 1 క్వింటా = 100 కిలోలు అని జత చేశాను. మొత్తం మళ్లీ 54,080కే వచ్చింది. చేతి పుస్తకంలో 10-40 అని రాశాం. పది కిలోల లోపు మిగులు వస్తే 10-04 అని రెండంకెలూ వేయాలని సేటు కొడుక్కి చూపించాను.