గిన్నెకు మూత వేసి కళాయి అనుకున్నాను

డిగ్రీలో పరిభ్రమణ ఘనాల పాఠం మొదలైనప్పుడు ఘనపరిమాణం నాకు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వక్రాన్ని అక్షం చుట్టూ తిప్పి, వచ్చిన ఆకారాన్ని పలుచని బిళ్ళలుగా కోసి, ఒక్కో బిళ్ళ పరిమాణం πy² dx అని రాసి కూడితే సరిపోయేది. అందుకే ఉపరితల వైశాల్యం దగ్గరికి వచ్చేసరికి, బిళ్ళ అంచు చుట్టుకొలత 2πy, మందం dx, కాబట్టి వైశాల్యం ∫2πy dx అని ఆలోచించకుండా రాసేశాను. తప్పు అక్కడే జరిగింది, కానీ అది ఎందుకు తప్పో అర్థం కావడానికి నాకు దాదాపు వారం పట్టింది.

ముందుగా తప్పు బయటపడింది శంకువు దగ్గర. భూవ్యాసార్ధం 5, ఎత్తు 12 ఉన్న శంకువు ఏటవాలు ఎత్తు 13 కనుక, పక్కతల వైశాల్యం πrl, అంటే 65π అని పదో తరగతి నుంచీ తెలిసినదే. అదే శంకువును y = 5x/12 అనే సరళరేఖను x-అక్షం చుట్టూ తిప్పి తెచ్చి, నా సూత్రంలో 0 నుంచి 12 వరకు సమాకలనం చేస్తే 60π వచ్చింది. లెక్కలో ఎక్కడో పొరపడ్డానని మూడుసార్లు మళ్ళీ చేశాను. మూడుసార్లూ 60π వచ్చింది. అప్పుడు గమనించాను, అది πrh, అంటే ఏటవాలు ఎత్తు ఉండవలసిన చోట నిలువు ఎత్తు వచ్చి కూర్చుంది.

అయితే ఒక సందేహం వదల్లేదు. ఘనపరిమాణంలోనూ మనం ఏటవాలు అంచును పట్టించుకోకుండా నిటారు అంచున్న బిళ్ళలే తీసుకుంటాం కదా, అక్కడ సరైన జవాబు వచ్చి ఇక్కడ ఎందుకు రాదు? దీన్ని తేల్చుకోవడానికి శంకువు లోపల మెట్లు మెట్లుగా స్థూపాలను పేర్చి, అంకెలతో చూశాను. వంద బిళ్ళలతో ఘనపరిమాణం 98.5π, వేయి బిళ్ళలతో 99.85π వచ్చాయి, అసలు విలువ 100π కాబట్టి తేడా కరిగిపోతోంది. నిటారు అంచుల వైశాల్యం మాత్రం వంద బిళ్ళలతో 59.4π, వేయి బిళ్ళలతో 59.94π వచ్చి, 65π వైపు కాకుండా 60π వైపే నడిచింది. పోనీ మెట్ల పైభాగాలను కూడా కలుపుదామంటే, అవన్నీ కలిసి అడుగు వృత్తమంత, అంటే 25π దగ్గరికి వస్తాయి కనుక మొత్తం 85π వైపు పోతుంది. బిళ్ళలను ఎంత సన్నగా కోసినా ఈ రెండూ మారవు.

కారణం బిళ్ళ అంచులో ఉంది. ఘనపరిమాణంలో మనం వదిలేసే భాగం, ఏటవాలు అంచుకూ నిటారు అంచుకూ మధ్య మిగిలే చిన్న త్రికోణపు అంచు. దాని వెడల్పూ మందమూ రెండూ తగ్గుతాయి కాబట్టి అది బిళ్ళ కంటే ఎంతో వేగంగా చిన్నదవుతుంది. వైశాల్యంలో మనం వదిలేసేది పొడవుల నిష్పత్తి. ఈ శంకువులో ప్రతి బిళ్ళకూ ఏటవాలు అంచు మందానికి 13/12 రెట్లు ఉంటుంది, బిళ్ళను వెయ్యి వంతులు చేసినా ఆ 13/12 అలాగే ఉంటుంది. చిన్నదైనంత మాత్రాన పోని తప్పు ఇది. కాబట్టి dx స్థానంలో అంచు అసలు పొడవు, అంటే చాప పొడవు మూలకం ds రావాలి. చిన్న ముక్కలో వక్రాన్ని సరళరేఖగా భావిస్తే పైథాగరస్ ప్రకారం ds² = dx² + dy², దాని నుంచి

S = ∫2πr ds, ds = √(1 + (dy/dx)²) dx

వస్తుంది. ఇక్కడ r అంటే అక్షం నుంచి వక్రం మీది బిందువుకు ఉన్న దూరం. ప్రతి చిన్న ముక్కా కొన తీసేసిన శంకువులా ఉండి దాని రెండు చివర్లా వ్యాసార్ధాలు వేరైనా ఒక్క r తీసుకుంటే చాలు, ఎందుకంటే ఆ తేడా మాత్రం నిజంగానే కరిగిపోయే రకం.

తరువాత మా లెక్చరర్ గారు ఇచ్చిన లెక్క, y = x² పరావలయంలో x = 0 నుంచి 2 వరకు ఉన్న భాగాన్ని y-అక్షం చుట్టూ తిప్పితే వచ్చే గిన్నె లోపల కళాయి పూయవలసిన వైశాల్యం కనుక్కోమని. నేను ds రాశాను గానీ, అలవాటు కొద్దీ వ్యాసార్ధంగా y పెట్టాను. అక్షం y-అక్షం అయినప్పుడు దూరం x అని బొమ్మ గీస్తే గానీ తట్టలేదు. అది దిద్దుకున్నాక, తొందరలో వర్గమూలాన్ని వదిలేసి ∫2πx dx చేసి 4π చూపించాను. ఆయన నవ్వి, "గిన్నె నోటికి మూత వేశావయ్యా, లోపల కళాయి పూయలేదు" అన్నారు. నిజమే, వర్గమూలం లేకపోతే వక్రం ఏదైనా సరే, జవాబు వ్యాసార్ధం 2 ఉన్న వృత్తమే అవుతుంది. గిన్నె లోతు ఆ లెక్కలోకి రానే రాదు.

సరైన అమరికలో dy/dx = 2x కనుక S = ∫2πx√(1 + 4x²) dx, అవధులు 0 నుంచి 2. u = 1 + 4x² అని ప్రతిక్షేపిస్తే బయట ఉన్న x సరిగ్గా du లో కలిసిపోయి, S = (π/6)(17√17 − 1), సుమారు 36.18 వస్తుంది. ఇదే లెక్కను y తో కూడా చేశాను. అప్పుడు r = √y, ds = √(1 + 1/(4y)) dy, అవధులు 0 నుంచి 4. y = 0 దగ్గర ds పేలిపోతుందేమో అని భయపడ్డాను గానీ, √y తో గుణించగానే లోపల 1/y పోయి π√(4y + 1) మాత్రమే మిగిలింది, జవాబు మళ్ళీ అదే. r, ds, అవధులు మూడూ ఒకే చలరాశిలో ఉండాలన్నది ఇక్కడే స్థిరపడింది. y తో ds రాసి అవధులు 2 దగ్గర ఆపిన వాళ్ళు మా తరగతిలో చాలామందే ఉన్నారు.

జవాబును సరిచూడడానికి, అదే నోరు, అదే లోతు ఉన్న శంకువు ఈ గిన్నె లోపల పడుతుంది కాబట్టి వైశాల్యం 28.10 కంటే ఎక్కువ ఉండాలని చూసుకుంటాను. 4π, అంటే 12.57, ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది. కానీ ds కు బదులు పొరపాటున dy పెడితే 33.51 వస్తుంది, అది ఈ పరీక్షను దర్జాగా దాటేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి రెండో చలరాశితో మళ్ళీ చేయడం తప్ప నాకు సులువైన దారి కనబడలేదు.

అదే వక్రాన్ని x-అక్షం చుట్టూ తిప్పితే లెక్క ఒక్కసారిగా మొండికేస్తుంది. వ్యాసార్ధం x² అవుతుంది, 2πx²√(1 + 4x²) లో ఒక x ఎక్కువగా మిగిలిపోయి పాత ప్రతిక్షేపణ పనిచేయదు. నేను ముందు 0 నుంచి 2 వరకు నాలుగు భాగాలతో సింప్సన్ సూత్రం వేసి 53.24 తెచ్చుకున్నాను. ఆ తరువాత 2x = sinh t అని ప్రతిక్షేపించి రెండు పేజీలు నింపితే 53.23 వచ్చింది.