గజాల కొలను నుంచి 50 మీటర్లకు: మా అమ్మాయి టైమింగుల లెక్క

మా అమ్మాయి నాలుగేళ్లు అమెరికాలో ఈత నేర్చుకుని నిరుడు మాతోపాటు హనుమకొండకు తిరిగి వచ్చినప్పుడు, దాని టైమింగులన్నీ 25 గజాల కొలనులో నమోదైనవే. గచ్చిబౌలిలో జరిగే పోటీకి ఎంట్రీ పంపుదామంటే, ఫారంలో 50 మీటర్ల కొలను టైమింగు మాత్రమే అడిగారు. దాని 100 గజాల బ్యాక్‌స్ట్రోక్ టైమింగు 1:08.00.

గజాల టైమింగును 1.11తో గుణిస్తే 25 మీటర్ల కొలను టైమింగు వస్తుందని విని, నేను 1.08ని 1.11తో గుణించి, వచ్చిన 1.1988ని 1:19.88గా రాసుకున్నాను. ఇక్కడి కోచ్ ఆ కాగితం చూసి, "మేడం, నిమిషానికి అరవై సెకన్లే కదా, వంద కాదు" అన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు అంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? అయితే ఈ తప్పు సులభంగా దొరకదు, ఎందుకంటే వచ్చిన అంకె కూడా నిజమైన టైమింగులాగే కనిపిస్తుంది. ముందుగా అంతా సెకన్లలోకి మార్చాలి: 68 ఇంటూ 1.11 అంటే 75.48, అనగా 1:15.48.

25 గజాలంటే 22.86 మీటర్లు కాబట్టి, దూరాన్ని బట్టి చూస్తే 1.0936తో గుణిస్తే చాలు కదా అన్న సందేహం నాకు వచ్చింది. కానీ మీటర్ల కొలనులో ప్రతి పొడవుకూ అదనంగా వచ్చే 2.14 మీటర్లను గోడను తన్నిన వేగంతో కాక, చేతులు వేస్తూ ఈదే మామూలు వేగంతోనే దాటాలి. అందుకే ఆ గుణకం 1.11 దాకా పెరిగింది. (500 గజాల ఫ్రీస్టైల్‌కు మాత్రం ఇది పనికిరాదు. దానికి జోడీ 400 మీటర్లు కాబట్టి అక్కడ గుణకం 0.8925.)

25 మీటర్ల నుంచి 50 మీటర్లకు వెళ్లేటప్పుడు గుణకం ఉండదు, కూడిక ఉంటుంది. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం ప్రతి 50 మీటర్లకు బ్యాక్‌స్ట్రోక్‌లో 0.6 సెకను, ఫ్రీస్టైల్‌లో 0.8, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఒక సెకను కలపాలి. ఆ లెక్కన మా అమ్మాయికి 1.2 కలిపి 1:16.68 అని ఎంట్రీ పంపాను. పోటీలో అది 1:18.90లో ముగించింది, మొదటి సగం 37.2, రెండో సగం 41.7. నా మొదటి తప్పు లెక్కే నిజానికి దగ్గరగా ఉండడం చూసి ఇంట్లో అందరూ నవ్వారు.

లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో తెలుసుకోవాలని, తిరిగి వచ్చాక ఇక్కడి 25 మీటర్ల కొలనులో దానిచేత 100 మీటర్లు ఈదించాం. స్టాప్‌వాచ్‌లో 1:15.9 వచ్చింది. చేతి గడియారంలో కొన్ని పదో వంతుల తేడా ఉండవచ్చని ఒప్పుకున్నా, గజాల నుంచి మీటర్లకు మార్చిన 1:15.48 సరైనదేనని తేలింది. తేడా అంతా రెండో మెట్టులోనే ఉంది: సూత్రం 1.2 సెకన్లు అంటే, మా అమ్మాయికి నిజంగా పట్టినది 3 సెకన్లు.

కారణం కోచ్ చెప్పారు. మా అమ్మాయి బలమంతా నీటి అడుగున కాళ్లు ఆడించడంలో ఉంది. ప్రతి గోడ నుంచీ దాదాపు 10 మీటర్లు అలాగే వెళ్తుంది. గజాల కొలనులో నాలుగు పొడవులకు అది 40 మీటర్లు, అంటే 91.44లో పైన ఈదేది 51 మీటర్ల చిల్లర మాత్రమే. 50 మీటర్ల కొలనులో ఆ అవకాశం రెండుసార్లే దొరుకుతుంది, మిగిలిన 80 మీటర్లూ చేతులు వేస్తూనే ఈదాలి. అదే పోటీకి వచ్చిన మా కొలను కుర్రవాడొకడు గోడ దగ్గర నెమ్మదిగా తిరుగుతాడు, అతని 1:20.4 అక్కడ 1:20.9 అయింది, అంతే.

ప్రతి 50 మీటర్లకు పెద్ద కొలనులో ఒక టర్న్ తగ్గుతుంది కాబట్టి, సూత్రంలోని 0.6 నిజానికి సగటు ఈతగాడి ఒక టర్న్ విలువ. మా అమ్మాయికి ఆ విలువ ఒకటిన్నర సెకను. ఈ లెక్కతోనే తర్వాతి పోటీకి 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఎంట్రీ పంపాను. 200 గజాల టైమింగు 2:28.00, అంటే 148 సెకన్లు, 1.11తో గుణిస్తే 164.28, నాలుగు టర్న్‌లకు ఆరు సెకన్లు కలిపితే 2:50.28. సూత్రాన్నే నమ్ముకుని ఉంటే 2:46.68 అని రాసి, తనకంటే వేగంగా ఈదేవారి హీట్‌లో నిలబెట్టేదాన్ని. అది 2:49.85లో ముగించింది.