కంట్రోల్ చేసేది నేనేనా? తేల్చుకున్న తీరు

మా వారు వాళ్ల చెల్లెలికి పదివేలు పంపి, ఆ సంగతి నాకు చెప్పకుండా దాచారు. ఆ గొడవలో "నీ కంట్రోల్ తట్టుకోలేకపోతున్నా" అన్నారు. నిజమో కాదో తేల్చుకోవాలని కౌన్సెలింగ్‌కి వెళ్లాను. మొదట కలిసినావిడ సంగతి పూర్తిగా వినకుండానే సర్దుకుపొమ్మంది. అలాంటి వాళ్ల దగ్గర కూర్చోకండి, లేచి వచ్చేయండి.

రెండో ఆవిడ నేను ఇంట్లో అన్న మాటలను అన్నవి అన్నట్టే రాయమంది. అమెరికా సైకాలజిస్టు జాన్ గాట్‌మన్ చెప్పిన తేడా ప్రకారం వాటిని విడదీశాం. "గ్యాస్ బుక్ చేస్తానని చేయలేదు, నాకు ఇబ్బందైంది" అంటే ఫిర్యాదు. "మీకు బాధ్యతే లేదు" అంటే మనిషి మీద విమర్శ. "మీ ఇంట్లో అందరూ ఇంతే" అంటే చులకన, అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది ఇదే. నా కాగితంలో ఎక్కువ విమర్శలే ఉన్నాయి. ఇది ఒప్పుకోవడం నాకు కష్టం కాలేదు.

తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, "డబ్బు పంపుతున్నానని ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా ముందు నా మొహం చూశారు. ఆవిడ అది గమనించి నన్ను కాసేపు బయట కూర్చోమంది. చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఆ కుర్చీలో తలెత్తలేకపోయాను. మళ్లీ పిలిచాక, ఆయన నా గురించి అన్న మాటల్ని ఆయన అనుమతితోనే నాకు చెప్పింది: "వద్దన్నా పంపితే రోజుల తరబడి మాట్లాడదు. నేను బతిమాలాక, ఇంకెప్పుడూ పంపనన్నాకే మాట్లాడుతుంది."

నేనెప్పుడూ అరవలేదు, డబ్బు లాక్కోలేదు, కాబట్టి కంట్రోల్ కాదనుకున్నాను. కానీ చూడాల్సింది, అవతలి మనిషి మన మాట కాదంటే ఏం జరుగుతుందన్నది. ఆయన దాచింది అబద్ధాల అలవాటు వల్ల కాదు, నా మౌనానికి జడిసి. కోపం తగ్గడానికి పక్కకి వెళ్లడం వేరు. అప్పుడు ఎప్పుడు మాట్లాడతామో చెప్పి వెళ్తాం, కనీసం 20 నిమిషాలు ఆగి తిరిగి వస్తాం. లొంగేదాకా మాట్లాడకపోవడం శిక్ష.

మగవాడిని కొంగున కట్టేసుకోవాలని పెళ్లిలో నాకు నూరిపోసిన పెద్దవాళ్ల మీద ఇప్పుడు చాలా కోపంగా ఉంది. అది కాపురం చేసే పద్ధతి కాదు.

ఒక్క జాగ్రత్త. నిజంగా అణగదొక్కబడుతున్న వాళ్లూ "తప్పు నాదేనేమో" అనే అనుకుంటారు. మీరే భయపడుతుంటే ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లకండి. అక్కడ చెప్పిన మాటకు ఇంటికొచ్చాక దెబ్బలు పడొచ్చు. విడిగా వెళ్లండి, ఆడవాళ్లయితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మా ఇద్దరికీ ఎవరి ఖర్చుకి వాళ్లకి విడిగా కొంత డబ్బు ఉంది, దాని లెక్క అడుక్కోం. కోపమొస్తే "రాత్రి భోజనమయ్యాక మాట్లాడతా" అని చెప్పి లేస్తున్నాను. చెల్లెలికి ఈ నెల పంపిన సంగతి ఆయనే చెప్పారు, చెప్పే ముందు కాస్త తటపటాయించారు.