ఒంటిమిట్ట పున్నమి, ఒక పట్టుచీర

ఒంటిమిట్ట నుంచి తిరిగివచ్చి నాలుగు రోజులైంది. తలంబ్రాల పసుపు అంటిన చొక్కా ఇంకా ఉతుక్కి వేయలేదు, వేయబుద్ధి కావడం లేదు. రాములవారి కల్యాణం పగలు కాక పండువెన్నెల్లో ఎందుకు జరుగుతుందో, గర్భగుడిలో హనుమంతుడు ఎందుకు లేడో మన సీమవాళ్లకు నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. నేను రాయదలచుకొన్నది ఒక చీర గురించి.

మా పెళ్లై 34 ఏళ్లు. పెళ్లిచీర ధర్మవరం పట్టు: వంకాయ రంగు ఒళ్లు, ఆవపువ్వు రంగు కొంగు, జానెడు జరీ అంచు. పెళ్లైన అయిదో ఏట వరసగా రెండు కార్లు చెనిక్కాయ పంట ఎండిపోయి, వేయించిన బోరు పడక, అప్పులవాళ్లు గడపలో కూర్చున్నప్పుడు ఆ చీరను నేనే అనంతపురం తీసుకుపోయి పాత జరీచీరలు కొనే అంగట్లో అమ్మాను. అక్కడ చీరను చీరగా చూడరు. జరీని కాల్చి వెండి తీసుకొంటారు కాబట్టి తూకానికే విలువ, ఆ తూకంలో పెద్ద వాటా కొంగుది. ఆ మనిషి మడత విప్పి, కొంగు చివర ఒక మూల అరచేతి మేర గుడ్డ లేదని చూపించి, 150 రూపాయలు తగ్గించాడు. ఇంటికి వచ్చి అడిగితే మా ఆవిడ, "పెట్టెలో ఎలుక కొరికిందేమో" అన్నది. ఆ మాట అంతటితో మరుగున పడింది.

ఆ తరువాత బడిపంతులు ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది, కూతురి పెళ్లి కూడా అయింది. పట్టుచీర కొందామని నేను అన్నప్పుడల్లా ఆమె "నాకు నూలు చీరే హాయి" అనేది. కూతురి పెళ్లికి సైతం పుట్టింటివాళ్లు పెట్టిన చీరే కట్టుకొన్నది. అది అలక అనుకొని లోపల నొచ్చుకొన్నానే తప్ప ఎన్నడూ విడమరచి అడగలేదు. కిందటేడు ఉద్యోగ విరమణ డబ్బు చేతికి రాగానే మాత్రం, ఈసారి అడగకుండానే, అమ్మిన చీరలాంటిదే తెచ్చి ఒళ్లో పెట్టాలని నిశ్చయించుకొన్నాను. మా పెళ్లిరోజు ఈ ఏడు చైత్ర పున్నమికి ముందురోజే వచ్చింది. ఆమె ఏళ్ల తరబడి చూడాలంటున్న ఒంటిమిట్ట కల్యాణానికి ఆ చీర కట్టించి తీసుకుపోవాలన్నది నా పథకం.

మూడు నెలల్లో ధర్మవరానికి ఆరుసార్లు పోయాను, పోయినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక అబద్ధం చెప్పి. మొదట ఒక పెద్ద దుకాణంలో అచ్చం అదే రంగుల చీర చూపించి అసలు జరీ అన్నారు. నేను నమ్మి డబ్బు తీయబోతూ, ఎందుకో అనుమానం వచ్చి, ఫోటో మాత్రం తీసుకొని, పక్క వీధిలో మగ్గం చప్పుడు వినబడుతున్న ఒక ఇంటికి పోయి అడిగాను. గుంతమగ్గంలో కూర్చున్న ఆ నేతగాడు ఫోటోను పట్టించుకోకుండా తన దగ్గరున్న రెండు పోగులు తీసి నా అరచేతిలో పెట్టాడు. "గోటితో గీకండి సార్" అన్నాడు. ఒకదానికి మెరుపు పోయి లోపల ఎర్రటి పట్టుపోగు బయటపడింది, రెండోదానికి తెల్లటి దారం కనబడింది. మొదటిది పట్టుపోగుకు వెండి తీగ చుట్టి బంగారు పూత పూసిన జరీ. రెండోది రాగి తీగది, కొత్తగా ఉన్నప్పుడు కంటికి తేడా తెలియదు కానీ కొన్నేళ్లకు కమిలిపోతుంది. వెండి జరీ కూడా నల్లబడుతుంది, కానీ మెరుగు పెట్టించుకోవచ్చునని చెప్పాడు. దుకాణంలో ఆ పోగు లాగి చూస్తామంటే ఒప్పుకోకపోవడంతో నాకు అర్థం కావలసింది అర్థమైంది. పట్టు మీద సిల్క్ మార్క్ చీటీ ఉన్నదని వాళ్లు చూపించిన మాట నిజమే, కానీ ఆ చీటీ చెప్పేది పట్టు గురించే, జరీ గురించి కాదు. ఈ సంగతి తెలియక నష్టపోయేవాళ్లు నాలాంటివాళ్లే.

వెండి ధర ఇప్పుడున్న తీరులో జానెడు అంచు అసలు జరీతో నేయిస్తే నా తాహతుకు మించిపోతుందని నేతగాడే చెప్పాడు. వెడల్పు అంచు కావాలంటే రాగి జరీ, అసలు జరీ కావాలంటే రెండు వేళ్ల అంచు, ఏదో ఒకటి తేల్చుకొమ్మన్నాడు. చూసేవాళ్లకు పాతచీర గుర్తుకు రావాలా, ఆమెకు అసలైనది ఇవ్వాలా అని రెండు రాత్రులు ఆలోచించి, సన్నంచుకే బయానా ఇచ్చాను. మొత్తం 42,000 అయింది. నేసినప్పుడు బట్ట కుంచించుకోకుండా బిగించే బద్ద గుచ్చుకొన్న చుక్కలు రెండు అంచుల వెంబడి వరసగా కనబడుతుంటే, అది చేతిమగ్గపు చీరేనని నాకు నేనే మురిసిపోయాను.

పెళ్లిరోజు తెల్లవారుజామున చీర ఒళ్లో పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొంగు మడత విప్పి, కుడివైపు మూలను వేలితో తడిమి, మళ్లీ జాగ్రత్తగా మడిచి, కాగితంలో చుట్టి ప్రయాణపు సంచిలో అడుగున పెట్టింది. "ఒంటిమిట్టలో కట్టుకుంటావా?" అంటే తల ఊపింది. అది ఔననో కాదనో నాకు ఈనాటికీ తెలియదు. మరుసటి రోజు, పున్నమినాడు, చీకటితోనే ఇల్లు వదిలి బస్సుల్లో కడప చేరి, అక్కడి నుంచి ఒంటిమిట్టకు మరో పాతిక కిలోమీటర్లు నిలబడే పోయాము.

గుడి ముందు వరుస చూసి నాకు నీరసం వచ్చింది. ఎండ మాడ్చేస్తున్నది. వరుసలో ముందుకు దూరేవాళ్లు, ఫోన్లలో కేకలు వేసేవాళ్లు, తోసుకొంటూ "గోవిందా" అనేవాళ్లు. దేవుడి పేరు చెప్పి మోచేత్తో పొడవడం ఏ శాస్త్రంలో ఉన్నదో! మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గంట దాటేసరికి ఆమె కడ్డీ పట్టుకొని ఒంగిపోయింది. వరుస పక్కన మజ్జిగ అమ్ముతున్న ఒక పెద్దాయన, తలమీద తెల్లటోపీ, తాను కూర్చున్న కొయ్య స్టూలును కడ్డీల మీదుగా అందించాడు. "అమ్మను కూర్చోబెట్టప్పా, నేను నిలబడి అలవాటైనోణ్ణి" అన్నాడు. ఇమాంబేగ్ పిలిస్తే రాముడు పలికిన ఊరు కదా అనుకొన్నాను. ఆపైన గంటన్నర, వరుస నాలుగడుగులు కదిలినప్పుడల్లా నేను స్టూలు ఎత్తి ముందర వేయడం, ఆమె కూర్చోవడం. గోపురం నీడ తగిలాక వెనక్కి పోయి ఆయనకు స్టూలు ఇచ్చివస్తే, వరుసలో నా చోటు పోయింది, అది వేరే గొడవ.

ఆ స్టూలు మీద కూర్చొనే ఆమె నాకు అసలు మాట చెప్పింది. చీర అమ్ముడుపోయిన రాత్రి సీతమ్మకు మొక్కుకొన్నదట: పెళ్లిచీర అమ్ముకొన్న ఇంట్లోకి మళ్లీ పెనిమిటి చేతిమీదుగా, అడగకుండా, పట్టుచీర వస్తే ఆ మొదటి చీర నీదే అని. "నేను కావాలని అడిగి కొనిపించుకుంటే అది మొక్కెట్ల అవుతుంది? అందుకే వద్దంటా వచ్చినాను" అన్నది. నాకు కోపం వచ్చిందని దాచను. ఆరు ప్రయాణాలు, మూడు నెలలు, 42,000 రూపాయలు, ఆమె ఒంటిమీద ఒక్కసారైనా చూడలేదు. "ఒక్కపూట కట్టుకొని ఇవ్వరాదా?" అన్నాను. "కట్టి విడిచింది అమ్మకు పెడతారా ఎవరైనా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

లోపల చీర తీసుకొనే సిబ్బంది దాన్ని రంగు కూడా చూడకుండా మిగతా బట్టల కుప్పమీద పెట్టారు. నా ప్రాణం ఉసూరుమన్నది. ఆ వెంటనే తోపులాటలో గర్భగుడి ఎదుటికి వచ్చిపడ్డాము. ఒకే రాతిలో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు. దీపం వెలుగు సీతమ్మ చెంప మీద పడి కదిలింది. నేను చేతులు జోడించేలోపే "నడవండి, నడవండి" అని ఎవరో భుజం నెట్టారు. మూడు క్షణాలు ఉంటుందేమో. మా ఆవిడ మాత్రం నెట్టినవాళ్లకు ఒంగకుండా, ఇంకొక్క క్షణం నిలబడింది. ఆమె పెదవులు కదలడం చూశాను, ఏమి చెప్పిందో వినబడలేదు.

రాత్రి కల్యాణవేదిక దగ్గర మాకు దొరికిన చోటు నుంచి స్వామి కనబడింది పెద్ద తెర మీదే. అయినా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు చుట్టూ ఉన్న వేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం, మంగళవాద్యాలు హోరెత్తడం, తెర మీద కాక తలెత్తితే అసలు చంద్రుడు నిండుగా కనబడడం, ఇవి ఎక్కడ కూర్చున్నా తగ్గేవి కావు. తలంబ్రాల పొట్లాల కోసం జరిగిన కుమ్ములాటలో నా చెప్పు ఒకటి పోయింది, పొట్లం ఒకటి దక్కింది.

కడప బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నాము. ఆమె బొడ్లోని చిన్న గుడ్డతిత్తి తీసి, అందులో నుంచి మడతలు పడిన ఒక పట్టుపేలిక తీసింది. ఆవపువ్వు రంగు వెలిసి మట్టిరంగుకు తిరిగింది, జరీ నల్లబడింది, మధ్యలో గట్టి ముడి. నాకు తెలియకుండానే గోటితో జరీపోగును గీకాను. ఆ వెన్నెలకు రంగు తెలియలేదు, ఫోను వెలుగు వేసి చూస్తే ఎర్రటి పట్టు.

"పెళ్లిలో మీరు పోసిన తలంబ్రాలు ఒళ్లో పడినవి అప్పుడే కొంగున ముడివేసుకున్నాను. చీర పోతే పోయింది, ముడి పోరాదని కత్తెరతో కోసి దాచుకున్నాను. బియ్యం ఎప్పుడో పొడైపోయింటాయి, నేను మటుకు విప్పి చూడలేదు" అన్నది.

ఎలుక సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆమె ముఖం చూస్తే నవ్వు ఆపుకొంటున్నది.

పొట్లం విప్పి నాలుగు ముత్యాల తలంబ్రాలు పాత ముడి పక్కన పోసి, పేలిక నా చేతికిచ్చింది. "నా వేళ్లు బిగియవు, మీరు ముడెయ్యండి" అన్నది. మిగిలిన గుడ్డ చాలా కొంచెం, రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలిచింది.

"ఆ నూటయాభై మీకు ఇంకా బాకీ ఉన్నాను" అంటూ ఆమె తిత్తి బొడ్లో దోపుకొన్నది. అంతలో కడప బస్సు వచ్చింది. ఒంటి చెప్పుతో పరుగెత్తి ఆమెకు కిటికీ పక్కన సీటు పట్టాను.